ఆత్మీయ శ్రోతలారా అంటే వెనక్కి తిరిగి చూస్తరు

ఇరవై ఏళ్లుగా డబ్బింగ్ సీరియళ్లకు మాటలు రాసి, పరభాషా పెదవులకు తెలుగు అతికించిన జ్ఞానప్రసూనాంబకు అర నిమిషం పాడ్‌కాస్ట్ ముందుమాట ఓ లెక్కా? కృష్ణానగర్‌లోని ఇంట్లో కాఫీ చల్లారేలోపు రాసేసి, ఫిల్మ్ నగర్‌లోని చిన్న స్టూడియోకు వెళ్లింది.

పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సెలవు రోజు పాడ్‌కాస్ట్ చేసే క్రాంతికుమార్ మైకు ముందు కూర్చుని చదివాడు.

“ఆత్మీయ శ్రోతలారా! ఉద్యోగ జీవన సాగరంలో...” ఆగిపోయాడు. “మేడం, ఇది పాడ్‌కాస్టా, పెండ్లి పత్రికనా?”

ప్రసూనాంబకు రోషం వచ్చింది. అక్కడే మళ్లీ రాసిచ్చింది.

“హాయ్ గైస్! వాట్సప్ డ్యూడ్స్! ఆర్ యూ రెడీ టు రాక్?”

“గిది సబ్బు యాడ్ లెక్కుంది మేడం. మేము గిట్ల మాట్లాడం.”

“మరెలా మాట్లాడతారయ్యా?”

“ఏమో... మాట్లాడుతం గంతే!”

ఇక లాభం లేదని మర్నాటి సాయంత్రం కృష్ణానగర్ బజ్జీల బండి దగ్గర, మెడలో ఆఫీసు కార్డులున్న ఇద్దరమ్మాయిల వెనక నిలబడి చెవి రిక్కించింది. వాళ్లు ఠక్కున మాటలు ఆపేశారు.

“ఆంటీ, మీరు మా ఆఫీసు హెచ్‌ఆరా?” అంది అందులో మనోజ అనే పిల్ల, భయంగా.

“ఛఛ! రచయిత్రినమ్మా!” అంటూ ప్రసూనాంబ తన మొదటి కాగితం చదివి వినిపించింది. మనోజకు మిరపకాయ బజ్జీ పొలమారింది. నీళ్లు తాగి, కళ్లు తుడుచుకుని అంది:

“ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కదాన్నే వింట కదా ఆంటీ. శ్రోతలారా అంటే ఇంకెవరున్నరని వెనక్కి తిరిగి చూస్త. అయినా మా మేనేజర్ మెసేజ్‌ మీద మెసేజ్‌ పెట్టి పింగ్ చేస్తనే ఉంటడు, జల్ది మ్యాటర్‌కి రావాలె.”

ప్రసూనాంబ ఆ మాటనే పట్టుకుంది. పింగ్ ఇంగ్లీషే, చేస్తనే ఉంటడు మాత్రం అచ్చంగా మనదే. ఇంగ్లీషు మాట వచ్చి తెలుగు వాక్యంలో అద్దెకుంటోంది, ఇల్లు మాత్రం మారలేదు! ఈసారి క్రాంతి నోటికి తగ్గట్టు రాసింది.

మళ్లీ సెలవు రోజున స్టూడియోలో క్రాంతి చదివాడు:

“మేనేజర్ పింగ్ చేసిండా? చూడనట్టే ఉండు. ఐదు నిమిషాల్ల కంపెనీ ఏం మునగదు. నేను క్రాంతి. పొద్దుగాల కోడ్ రాస్త, మధ్యాహ్నం అది క్రాష్ అయితది, గా బాధ నీతోని షేర్ చేసుకుంట. ఇది ‘లంచ్ బ్రేక్ లొల్లి’. బాక్స్ ఓపెన్ చెయ్, స్టార్ట్ చేద్దాం!”

సౌండు చూసే తిరుమలేశ్ పకపకా నవ్వడంతో ఆ టేకు పాడైంది. రెండోది ఓకే అయింది.

“మేడం, కిరాక్!” అన్నాడు క్రాంతి.

అది తిట్టో పొగడ్తో తెలియక ప్రసూనాంబ మొహం చిట్లించింది. ‘అదిరిపోయింది’ అని తిరుమలేశ్ అర్థం చెప్పాక ఇంటికెళ్లే దాకా నవ్వుతూనే ఉంది.

“భోజనం ఎప్పుడు?” అన్నాడు భర్త వేంకటరమణ.

“జర ఆగండి. పప్పు లోడ్ అవుతోంది, పులుసు హ్యాంగ్ అయింది.”

ఆయన లేచి వచ్చి, పొయ్యి వెలిగిందో లేదో వంగి చూశాడు.