ఆహ్వానించువారు

ఫిబ్రవరి రెండో ఆదివారం, ఉదయం పదిన్నర. పోతిరెడ్డిపల్లిలో మా ఇల్లు. హాజరైనవారు: నేను, నా భార్య, చనిపోయిన మా తమ్ముడి భార్య అంటే నా మరదలు, పెళ్లికూతురైన ఆమె కూతురు, జోగిపేట నుంచి వచ్చిన పెళ్లికొడుకు తండ్రి. విషయం: పెళ్లి కార్డు రాత.

ఆ రోజు డైరీ పేజీ ఇలాగే మొదలవుతుంది. పటాన్‌చెరు ఫ్యాక్టరీలో స్టోర్స్ చూసినన్నాళ్లూ ఏ సరుకు వచ్చినా ముందు తేదీ, తర్వాత తెచ్చినవాళ్ల పేర్లు రాసేవాడిని. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. ఆ అలవాటు చూసే మా బంధువులు ముప్పై ఏళ్లుగా పెళ్లి కార్డు రాయించడానికి నా దగ్గరికి వస్తున్నారు. రాసిన ప్రతి కార్డు నకలు ఒక ఫైలులో దాచాను.

కార్డు రాతకు ఒక క్రమం ఉంది. పైన శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు. ఆ కింద ఇంటి దేవత. మాకు ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవాని. తర్వాత పిలిచేవారి మాట. వధువు పేరుకు ముందు చి.ల.సౌ., వరుడికి చి. మాత్రమే, వరుడు ఎంత పెద్ద ఉద్యోగస్థుడైనా ఆ రోజుకు చిరంజీవే, శ్రీ పెట్టరు. అతని పేరు కింద బ్రాకెట్లో అతని తల్లిదండ్రులు. పోయినవారికి కీ.శే. ఆ అక్షరాలున్న పేరు ఆహ్వానించువారి వరుసలో ఉండదు, ఎందుకంటే పోయినవారు పిలవలేరు.

నేను రాసింది చదివి వినిపించాను. పెళ్లికొడుకు తండ్రి కళ్లు మూసుకుని విన్నాడు.

"మాజీ సర్పంచ్ అని పెట్టలేదేంది బావా?" అన్నాడు.

"ఒక్కసారి చేసిండ్రు, గదీ ఎన్నడో," అంది నా భార్య నవ్వుతూ.

"ఒక్కసారి చేసినా మాజీ మాజీయే అక్కా. చచ్చేదాంక మాజీనే."

అందరం నవ్వాం. పేరు పక్కన మాజీ సర్పంచ్ అని చేర్చాను.

అప్పుడు మా తమ్ముడి కూతురు కాగితం అడిగి తీసుకుంది. మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేసే పిల్ల, ఏ కాగితాన్నైనా రెండుసార్లు చదువుతుంది. రెండోసారి చదివాక తలెత్తింది.

"పెద్దనాయినా, ఇందుల అమ్మ యాడుంది?"

నేను రాసింది ఇది: మొదట నా భార్య పేరు, నా పేరు. 'మా తమ్ముడు కీ.శే. శ్రీ ఫలానా గారి ఏకైక పుత్రిక' అని వధువు పేరు. కింద ఆహ్వానించువారుగా మళ్లీ మేమిద్దరం. మరదలి పేరు ఎక్కడా లేదు.

"మీ నాయిన పేరుంది గదా బిడ్డా," అన్నాను.

"నాయిన లేడు. ఉన్నది అమ్మ."

"గట్ల కాదు. శుభకార్యం కార్డు మీద పిలిచేటోళ్లు జంటగ ఉండాలె. నేను ముప్పై ఏండ్ల సంది గట్లనే రాస్తున్న."

మరదలు నాకు మూడడుగుల దూరంలో కూర్చుని ఉంది. ఆ మాట ఆమె ముందే అన్నాను. గొంతు కూడా తగ్గించలేదు.

"ఊకో బిడ్డా," అంది ఆమె కూతురితో. "పెద్దోళ్లకు ఎరుక." లేచి చాయ్ గ్లాసులు ఏరుకుని లోపలికి వెళ్లింది. పెళ్లికొడుకు తండ్రి ఫోన్ చూసుకుంటూ, "మాకైతే ఏ ఎతరాజ్ లేదు బావా, మీ ఇష్టం," అన్నాడు. పిల్ల కాగితాన్ని మడతల మీదే మడిచి నా చేతిలో పెట్టింది.

మధ్యాహ్నం సంగారెడ్డి వెళ్లి ప్రెస్సులో ఇచ్చి వచ్చాను. మర్నాడు ప్రూఫ్ ఇస్తామన్నారు.

సాయంత్రం ఐదింటికి నకలు దాచడానికి ఫైలు తెరిచాను. అన్నిటికన్నా పైనున్న కార్డు మా మేనమామ కొడుకు రాయించింది. భార్య పోయిన మూడేళ్లకు కూతురి పెళ్లి చేశాడు. నా చేతిరాతే. ఆహ్వానించువారు: శ్రీ, ఆపై అతని పేరు. ఒక్కడే. అతనికి అన్నా వదినలు ఉన్నారు. వాళ్లు అభినందనల వరుసలో ఉన్నారు. అది రాసేటప్పుడు జంట అన్న మాట నాకు గుర్తే రాలేదు.

ఫైలు మొత్తం తిప్పాను. భార్య పోయిన మగవాళ్ల కార్డులు ఇంకో రెండున్నాయి, ఒంటరి పేర్లతోనే. భర్త పోయిన ఆడవాళ్లవి నాలుగు. నాలుగింటిలోనూ బావో, మరిదో, అన్నో భార్యతో కలిసి పిలిచాడు. ఆ తల్లుల పేర్లు లేవు. అవి రాయించడానికి వచ్చినప్పుడు ఆ నలుగురూ మా వరండాలోనే కూర్చున్నారు. ఏం చెప్పి పంపానో నాకు గుర్తులేదు. డైరీలో కూడా లేదు.

తమ్ముడు పోయాక పిల్ల బడి కాగితాల నుంచి కాలేజీ కాగితాల దాకా సంతకం మరదలిదే. ప్యాకింగ్ పనికి పోతూ పెంచింది. నేను ఒక్కచోటా సంతకం చేయలేదు. కార్డు మీద మాత్రం తండ్రి స్థానంలో కూర్చున్నాను.

ప్రెస్సుకు ఫోన్ చేసి ఆపమన్నాను. కొత్త కాగితం తీసి 'శ్రీమతి' అని రాశాను. అక్కడ కలం ఆగింది.

మరదలు కాపురానికి వచ్చినప్పుడు మా అమ్మ పేరూ ఆమె పేరూ ఒకటే అయ్యాయి. అత్త పేరుతో కోడల్ని కేకేయడం బాగుండదని ఇంట్లో వేరే పేరు పెట్టారు. ఆ పేరు ఎంచింది నేనే. ఇప్పుడు ఆమె పెళ్లికి పిలిచేది ఏ పేరుతో? మేం పెట్టిందా, ఆమెదా?

"ఏ పేరు రాయాలె?" అని నా భార్యను అడిగాను.

"నన్నెందుకు అడుగుతవు? ఆమెను అడుగు," అంది. మళ్లీ తనే, "పొద్దుగాల్నే అడిగితే అయిపోతుండె," అంది.

మర్నాడు ఉదయం ఎనిమిదింటికి కంపెనీ బస్సు ఆగే చౌరస్తాకు వెళ్లాను. మరదలు తోటి ఆడవాళ్లతో నిలబడి ఉంది. అందరి మెడల్లో కంపెనీ కార్డులు. నన్ను చూసి కొంగు సర్దుకుంది.

"ఏమాయె బావా? అక్కకు మంచిగనే ఉందా?"

"మంచిగుంది. పెండ్లి కార్డు మారుస్తున్న. పిలిచేటోళ్ల కాడ నీ పేరు పెడ్త. మాది కింద, అభినందనలల్ల."

పక్కనున్నవాళ్లు మాటలాపి వింటున్నారు.

"జంట పేరుండాలె అంటివి గద," అంది మరదలు.

"తప్పు రాసిన."

"రాసుడు కాదు బావా. అందరి ముందట అంటివి."

తల దించుకున్నాను. బస్సు మలుపు తిరిగి వచ్చింది. ఆడవాళ్లు ఎక్కడం మొదలుపెట్టారు.

"ఏ పేరు రాయమంటవు?" అని అడిగాను.

ఆమె మెడలోని కార్డును నా వైపు తిప్పి పట్టుకుంది. దాని మీద ఆమె పెళ్లికి ముందటి పేరు ఉంది, మా అమ్మదీ అదే పేరు. ఇన్నేళ్లుగా రోజూ ఆ పేరుతోనే ఆమె పనికి పోతోంది. జేబులోంచి కాగితం తీసి 'శ్రీమతి' పక్కన రాసుకున్నాను. కింద 'కీ.శే. శ్రీ' అని తమ్ముడి పేరు, 'గారి ధర్మపత్ని' అని రాసి ఆమెకు చూపించాను. డ్రైవర్ హారన్ కొట్టాడు. ఆమె తొందరపడకుండా మొదటి నుంచి చివరి దాకా చదివింది.

"ఒక్క కార్డు నాకియ్యి బావా, కంపెనీల చూపిస్త," అని బస్సెక్కింది.

నేను సంగారెడ్డి ఆటో కోసం రోడ్డు దాటాను.