శవాల బండి నంబరు

ఆ మధ్యాహ్నం నేను ఫోన్ ఎత్తకపోవడానికి కారణం, నాకు చదవడం రావడమే.

చిన్నప్పుడు బడి మొహం చూడలేదు. ఢిల్లీ వచ్చి ఆస్పత్రిలో ఆయాగా చేరాక, చర్చిలో ఒకావిడ దగ్గర తెలుగు అక్షరాలు దిద్దాను. ఇంగ్లీషు ముక్కలు మాత్రం ఆస్పత్రి బోర్డులే నేర్పాయి. ఎక్స్-రే, ఎమర్జెన్సీ, డెడ్ బాడీ. 'డెడ్ బాడీ' అన్న ఆ రెండు మాటలూ ఎంత దూరంలో ఉన్నా గుర్తుపడతాను. వాటి పక్క తలుపులోకి స్ట్రెచర్లు చాలా తోశాను.

మా చెల్లికి ఊపిరి అందక కటవారియా సరాయ్‌లో మా ఇంటికి దగ్గరున్న నర్సింగ్ హోమ్‌లో పెట్టాం. అక్కడివాళ్లు రెండో రోజుకే చేతులెత్తేశారు. మా కోడలు పెద్దాస్పత్రిలో నర్సు. వార్డులో అందరి కాళ్లావేళ్లా పడి ఒక మంచం సంపాదించింది. డ్యూటీకి వెళుతూ చెప్పింది:

"అత్తయ్యా, అంబులెన్స్ వాళ్లు పిన్నిగారిని ఎక్కించుకుని మనింటి దగ్గరికొచ్చి నీకు ఫోన్ చేస్తారు. పాత రిపోర్టులు, ఆధార్ పట్టుకుని కిందకి దిగిపో. ఆలస్యమైతే ఆ మంచం ఇంకొకళ్లకి ఇచ్చేస్తారు. లోపల నాకు ఫోన్ ఉండదు, గుర్తుపెట్టుకో."

సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఫోన్ మోగింది. తెర మీద ఇంగ్లీషులో ఉంది: డెడ్ బాడీ వ్యాన్.

ఎవరి నంబరో తెలియకపోయినా పేరు చూపించే యాప్ మనవడు నా ఫోన్‌లో వేశాడు. మోసగాళ్ల ఫోన్లు ఎత్తకుండా ఉంటానని. ఆ పేరు చూశాక చెయ్యి కదల్లేదు. మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. ఎత్తితే అయిపోయిందని ఎవరో అంటారు. ఎత్తనంతసేపూ చెల్లి బతికే ఉంటుంది. ఇదీ నా బుర్రకి తోచిన తెలివి.

పై అంతస్తు గదిలో పరీక్షలకి చదువుకునే మన తెలుగమ్మాయి బట్టలు ఆరేసి దిగుతూ తలుపులోంచి చూసింది.

"ఆంటీ, ఎత్తరేంటి?"

ఫోన్ చేతిలో పెట్టాను. చదివింది. వెంటనే తన ఫోన్ తీసి, ఆ నంబరు ఇంకో యాప్‌లో కొట్టింది.

"ఇదిగో, ఇందులో 'పేషెంట్ వ్యాన్ భయ్యా' అని ఉంది!"

"ఒకటే నంబరుకి రెండు పేర్లేంటే? ఏది నిజం?"

"యాప్ వాళ్లకేం తెలుసాంటీ! వేసుకునేటప్పుడు చాలామంది సరే అని నొక్కి, తమ ఫోన్‌లో రాసుకున్న పేర్లన్నీ దానికి ఇచ్చేస్తారు. కొందరు విడిగా పేరు రాసి పంపుతారు. అవన్నీ పోగేసి, సరైందని దానికి తోచిన పేరు చూపిస్తుంది. మీ యాప్‌కి పేర్లిచ్చిన జనం వేరు, నా యాప్‌ జనం వేరు."

"అయితే చెల్లి ఉన్నట్టా, లేనట్టా?"

"అది పేరు చూస్తే తెలీదు. ఎత్తితేనే తెలుస్తుంది."

మూడోసారి మోగింది. ఆ పిల్లే తెర మీద పచ్చ గుర్తు జరిపి నా చెవికి ఆనించింది.

"ఆంటీజీ! ఎంతసేపు? గాడీ గల్లీ మొదట్లో ఉంది. వెనకాల స్కూటర్లు హారన్లు కొట్టి చంపుతున్నాయి. జల్దీ ఆయియే, తొందరగా దిగండి!"

"పేషెంటు..." అన్నాను.

అవతల ఎవరో దగ్గారు. ఆ దగ్గు నాకు తెలుసు. ఆ వెనకాలే, ఆక్సిజన్ మాస్కు తీసినట్టుంది, ఒక్కో మాటా ఈడ్చుకుంటూ తిట్టింది మా చెల్లి:

"నిద్దరోతున్నావా... ముదనష్టపుదానా... దిగు."

అంత కమ్మటి తిట్టు నా జన్మలో తినలేదు. చెప్పుల్లేకుండా దిగాను. సంచి ఆ పిల్ల మోసుకొచ్చింది.

బండిలో డ్రైవరుని కడిగేశాను. "ఏం పేరయ్యా నీది, గుండె ఆగిపోయింది!"

అతను ఫోన్‌లో ఏం కనిపించిందో అడిగి, స్టీరింగ్ మీద చెయ్యి కొట్టాడు. "అరే ఆంటీజీ, ఇంతకుముందు ఏళ్ల తరబడి ఆ శవాల బండే నడిపాను. అప్పుడు నంబరు రాసుకున్నవాళ్లు అలాగే ఉంచేశారు. నేనే ఒక యాప్‌లో చేరి కొత్త పేరు పెట్టుకున్నా. మీది వేరే యాప్ అయ్యుంటుంది. ఎన్నింట్లో అని మార్చుకోను?"

ఎర్ర లైట్ల దగ్గర సైరన్ మోగిస్తూనే ఉన్నాడు. నేను చెల్లి మాస్కు పట్టుకుని, దాని ఛాతీ లేస్తోందా పడుతోందా అని చూస్తూనే ఉన్నాను. వార్డు దగ్గరికి చేరేసరికి మా కోడలు తలుపుకి అడ్డంగా నిలబడి ఉంది. అవతల ఇంకో స్ట్రెచర్ ఎదురుచూస్తోంది. "కాగితాలు!" అంది. ఇచ్చాను. చెల్లిని మంచం ఎక్కించారు.

ఆ సాయంత్రం అతని నంబరు నా ఫోన్‌లో తెలుగులో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాసుకున్నాను: చెల్లిని తెచ్చిన బాబు. మనం రాసుకున్నాక మన ఫోన్ మన పేరే చూపిస్తుందట.

చెల్లిని ఇంటికి పంపే రోజు అతన్నే పిలిచాం. కింద నుంచి చెల్లికి ఫోన్ చేశాడు. దాని ఫోన్‌లోనూ మనవడు వేసిన యాప్ అదే. తెర మీద మళ్లీ అదే పేరు, శవాల బండి. చెల్లి ఒకసారి చూసి ఎత్తింది.

"ఆఁ, వచ్చావా భయ్యా? దిగుతున్నాను. నా కాళ్ల మీదే."