తొంభై రెండు గుంటల గీత

రెబెక్క అనువదించిన దస్తావేజును మళ్లీ మూలంతో పోల్చి చూడనక్కరలేదని వికారాబాద్ కోర్టు దగ్గరి వకీళ్లు అనేవారు. పొగడ్తలకు పొంగే మనిషి కాదు గానీ, ఆ మాట మాత్రం ఆమెకు ఇష్టం. తాతముత్తాతలు పరాయి చేలల్లో కూలి చేసిన ఇల్లు వాళ్లది. తండ్రి ఏసుదాసు బతికినంత కాలం సొంతమని చెప్పుకోవడానికి ఒక గుంట నేల కూడా లేదు. అటువంటి ఇంటి పిల్ల హాస్టల్లో ఇంగ్లిష్ చదువు చదువుకుని, కోర్టు సందులో చిన్న గది తీసుకుని, ఊళ్లవాళ్ల భూముల హద్దులను ఇంగ్లిష్‌లోకి మార్చి, చివర ‘ఇది మూలానికి సరైన అనువాదం’ అని ధ్రువీకరించి సంతకం చేస్తుంది. ఆ సంతకంతోనే తల్లి మొగులమ్మకు మందులూ, ఇంట్లో పొయ్యీ నడుస్తున్నాయి.

ఆ ఉదయం ఆమె గది తెరిచి కుర్చీలో కూర్చుందో లేదో, ఫోన్ మోగింది. శంకరమ్మ. తాండూరు దాపున బండల గనుల పక్కన భూమి ఉన్న గొర్రెల కాపరి బీరప్ప భార్య.

“బిడ్డా, ఏడున్నవే? కోర్టోళ్లు వచ్చిన్రు, కొలుస్తున్రు. మా గొర్ల దొడ్డి నడిమిట్ల నుంచి సున్నం గీత కొట్టిన్రు. నీ కాయితంల గట్లనే రాసున్నదంటున్రు. రాసున్నదా?”

“లేదు పెద్దమ్మా. మీది వాగు కాన్నుంచి బండ్ల బాట దాకా రెండెకరాల ముప్పై గుంటలు. నేనే రాసిన గదా.”

“మరి బాయి గీతకు అవుతల పడుతున్నది బిడ్డా. బాయి పోతే మంద బతుకుతదా?”

ఫోన్ పెట్టేసి రెబెక్క తన దగ్గరి నకలు తీసింది. విక్రయ దస్తావేజు అనువాదంలో పొరపాటు లేదు. తూర్పున వాగు, పడమర బంట్వారం పోయే బండ్ల బాట, ఉత్తరాన పాండురంగం చేను, దక్షిణాన అంజిలయ్య చేను, రెండు ఎకరాల ముప్పై గుంటలు. పుట తిప్పింది. తరువాతిది పహాణీ, అంటే ఎవరి అనుభవంలో ఎంత భూమి ఉందో చెప్పే సర్కారు రికార్డు. దాని అనువాదంలో విస్తీర్ణం 2.30 ఎకరాలని ఉంది. పక్కనే బ్రాకెట్లో, 0.93 హెక్టార్లు.

ఆ రెండో అంకె దగ్గర ఆమె కళ్లు ఆగిపోయాయి. అరచేతులు చల్లబడ్డాయి.

తెలంగాణ పహాణీలో 2.3000 అని అచ్చయితే చుక్కకు ఎడమవైపున్నవి ఎకరాలు, కుడివైపున్నవి గుంటలు. నలభై గుంటలు ఒక ఎకరం. అంటే ముప్పై గుంటలు ముక్కాలు ఎకరం. మొత్తం రెండు ముప్పాతిక ఎకరాలు, హెక్టార్లలో 1.11. కోస్తాలో ఎకరానికి నూరు సెంట్లు కనుక అక్కడ చుక్క మామూలు దశాంశ బిందువుగానే పనిచేస్తుంది. రెబెక్క వాడే లెక్కల షీటు, ఆమె కోస్తా దస్తావేజులు అనువదించిన రోజుల్లో తయారుచేసుకున్నది. అందులో 2.30 వేసింది. షీటుకు గుంటలు తెలియవు. 0.93 ఇచ్చింది. ఆమె దానిని అట్లాగే దించి, కింద సంతకం పెట్టింది.

నూటపది గుంటల భూమి తొంభై రెండు గుంటలయింది. పద్దెనిమిది గుంటలు ఆమె చేతి కింద మాయమయ్యాయి.

ఆమె గదికి తాళం వేసి స్టేషన్‌కు నడిచింది. తాళం నిజంగా పడిందో లేదో చూడటానికి ఒకసారి వెనక్కి వచ్చింది. తాండూరు రైలు కిటికీ పక్కన కూర్చున్నాక ఒక్కొక్క సంగతీ వరుసగా గుర్తుకు రాసాగింది. ఆ అనువాదం మొదట కోర్టు కోసం చేసింది కాదు. గని కంపెనీవాళ్లు భూమి కొంటామని వస్తే, వాళ్లకు చూపడానికి బీరప్ప చేయించుకున్నాడు. కంపెనీ ఒక నకలు ఉంచుకుంది. బీరప్ప అమ్మనన్నాడు. ఆ తరువాతనే కంపెనీ అతని చేనులోంచి లారీలకు కొత్త దారి వేసింది. బీరప్ప కోర్టుకు ఎక్కాడు, అదే అనువాదం జతచేసి. గనుల లెక్కలన్నీ హెక్టార్లలోనే నడుస్తాయి. అయితే ఆ లారీల దారి ఎక్కడ వేశారు? వాగు నుంచి 0.93 హెక్టార్లు కొలిచి, సరిగ్గా అక్కడ వేశారా?

ఆ ఊహ రాగానే ఆమె చేతిసంచిని ఒడిలోకి లాక్కుని గట్టిగా పట్టుకుంది. ఎదుటి సీటులోని ఆమె, “పానం బాగలేదా అమ్మా?” అని కన్నడ యాసలో అడిగితే, ఏం లేదన్నట్టు తల ఊపి కిటికీ వైపు తిరిగింది. తప్పును ఒప్పుకుంటే సంతకం పోతుంది. డబ్బు తిని రాసిందంటారు. అబద్ధపు ధ్రువీకరణ అని కేసు పెట్టవచ్చు. ఒప్పుకోకపోతే, బావి పోతుంది.

ఆటో దిగేసరికి చేనులో జనం ఉన్నారు. కోర్టు నియమించిన కమిషనర్ ఒక నడివయసు వకీలు, అట్ట మీద కాగితాలు పెట్టుకుని రాసుకుంటున్నాడు. సర్వేయరు మూడుకాళ్ల యంత్రం ముందు వంగి ఉన్నాడు. సున్నం గీత దొడ్డి కంపను చీల్చుకుంటూ పోయి లారీల దారి వెంట సాగింది. గీతకు ఆవల కంపెనీ జేసీబీ, దాని తొండం కిందికి దించి ఉంది. బీరప్ప బావి గట్టు మీద చేతికర్ర అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాడు.

బీరప్ప తరఫు వకీలు మల్లికార్జున్ ఎదురొచ్చాడు. సంగతి విని ముఖం మాడ్చుకున్నాడు.

“అక్కా, జర సప్పుడు చెయ్యకు. వాళ్ల ముంగట గిది అన్నవంటే మనల్నే తింటరు. నేను హద్దుల మీద వాదిస్త. విస్తీర్ణానికీ హద్దుకూ తేడా వస్తే మామూలుగ హద్దే నిలుస్తది.”

“బాట ఏదని అడుగుతరు గదా తమ్మీ. లారీల దారే పాత బండ్ల బాటంటున్రు. ఆ దారి నా తప్పు అంకె మీదనే ఉన్నది. అంకె సరిగా ఉంటేనే ఆ బాట ఈ బాట కాదని తేలుతది.”

అప్పటికే కంపెనీ మేనేజరు చంద్రకాంత్ దగ్గరికి వచ్చాడు. నవ్వుముఖం, ఇస్త్రీ చొక్కా.

“నమస్తే మేడం. మేం కొత్తగ ఏం చెప్తలేం. మీరు సంతకం చేసిందే చూపిస్తున్నం. ఇయ్యాల మాట మారిస్తే, అప్పుడు అబద్ధమా ఇప్పుడు అబద్ధమా అని అడుగుతరు. ఇంట్ల ముసలమ్మ ఉన్నది గదా మీకు? కోర్టుల సుట్టు తిరుగుడు ఎందుకు, పరేషాన్.”

తల్లి సంగతి ఇతనికి ఎట్లా తెలుసు? వెనక్కి తిరిగి ఆటో ఎక్కితే ఎవరూ ఆపరు. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది కూడా. ఆ అడుగు దొడ్డి కంప మీద పడింది. లోపల కొత్తగా ఈనిన గొర్రె తన పిల్లను నాకుతోంది. దాని కాళ్ల మధ్య నుంచి సున్నం గీత పోతోంది.

“వచ్చినవా బిడ్డా,” అంది శంకరమ్మ, నిందగా కాదు, ఆశగా. ఆ ఆశను చూడలేక రెబెక్క నేరుగా కమిషనర్ ముందుకు నడిచింది.

“సార్, అనువాదం చేసింది నేనే. పహాణీ దగ్గర తప్పు చేసిన. గుంటలను దశాంశం లెక్క వేసిన. సంతకం నాదే, తప్పూ నాదే.” ఆమె అట్ట మీది పుటను వెనక్కి తిప్పింది. “దస్తావేజు అనువాదం చూడండి. అక్కడ అక్షరాలల్ల ముప్పై గుంటలని ఉన్నది. ముప్పై గుంటలుంటే 0.93 ఎట్లయితది?”

కమిషనర్ రెండు పుటలూ పక్కపక్కన పెట్టి చూశాడు. సర్వేయరు నోటితోనే లెక్క కట్టాడు. “నూటపది గుంటలు సార్. ఒకటి పాయింటు ఒకటి ఒకటి.”

“ఆమెను వాళ్లు కొనేసిన్రు సార్,” అన్నాడు చంద్రకాంత్. ఇప్పుడు నవ్వు లేదు.

“ఎవరి మాట నిజమో తేల్చేది కోర్టు. నేను కాదు,” అన్నాడు కమిషనర్. “నేను చూసింది రాస్తాను. మీ అభ్యంతరమూ రాస్తాను. ఆమె చెప్పిందీ రాసి సంతకం తీసుకుంటాను. వాగు నుంచి లారీల దారి దాకా కొలిచాం. తొంభై రెండుకు దగ్గరగా వచ్చింది. అయితే ఇంకో బాట ఉందంటున్నారు కదా, ఎక్కడ?”

బీరప్ప లేచాడు. బావి దాటి, తుమ్మకంపలోకి దారి చేసుకుంటూ పోయాడు. అక్కడ కర్రతో మట్టి గీకితే కింద నాపరాయి బయటపడింది. ఆ రాతి మీద రెండు గాడులు, వేలి లోతున, ఒకదాని పక్కన ఒకటి సమాన దూరంలో ఉత్తరంగా సాగిపోయాయి. ఎన్ని తరాల ఇనుప పట్టాల చక్రాలు నడిస్తే అట్లా అరిగాయో! లారీ టైరు అటువంటి గాడి వేయలేదు. కొన్ని నెలల్లో అసలే వేయలేదు.

సర్వేయరు యంత్రం జరిపాడు. వాగు నుంచి ఆ గాడుల దాకా కొలిచాడు. నూటతొమ్మిది గుంటల పైచిలుకు వచ్చింది.

“పైసలిచ్చి రాయిని గూడ కొన్నమంటవా సారూ?” అని శంకరమ్మ చంద్రకాంత్‌ను అడిగితే సర్వేయరు తల దించుకుని నవ్వాడు. చంద్రకాంత్ ఫోన్ చెవిన పెట్టుకుని దూరంగా వెళ్లిపోయాడు.

రెబెక్క తన వాంగ్మూలం కింద సంతకం చేసింది. ఎప్పుడూ ఒక్క గీతలో పడే సంతకం ఆ రోజు రెండు ముక్కలయింది.

వాయిదా నాడు తాండూరు కోర్టులో ఆమె సవరించిన అనువాదమూ, తప్పు ఎట్లా జరిగిందో చెప్పే అఫిడవిటూ మల్లికార్జున్ దాఖలు చేశాడు. జడ్జి ఆమెను లేపి, “ఇటువంటి అంకె మీద మనుషుల నేల పోతుంది, తెలుసా?” అని అడిగారు. ఆమె తెలుసన్నది. సవరణకు అనుమతి దొరికింది. కేసు తేలేదాకా బండ్ల గాడులకు ఈవలి నేలలో కంపెనీ అడుగు పెట్టరాదని ఆర్డరు అయింది. తుది తీర్పు ఇంకా రావలసి ఉంది. ఆమె చూసుకోక తప్పు చేసింది, చూసుకుని దిద్దింది. రెండూ రికార్డులో ఉన్నాయి, ఏ ఒక్కదానినీ దాచడం న్యాయం కాదు.

వికారాబాద్‌లో కొందరు వకీళ్లు ఆమె దగ్గరికి రావడం మానేశారు. వచ్చేవాళ్లు ఇప్పుడు మూలంతో పోల్చి చూసుకుంటున్నారు. చూసుకోమని ఆమే చెబుతుంది. పాత షీటు తీసేసింది. గుంటలను చేత్తోనే కాగితం మీద నలభైతో భాగిస్తుంది. చుక్క కనిపించిన ప్రతిసారీ ఆమె కలం ఆగుతుంది, అరచేయి చల్లబడుతుంది. ఆ భయం పోవాలని ఆమె కోరుకోవడం లేదు.

బీరప్ప దొడ్డిలో మాత్రం ఆ సున్నం గీత తొలి రోజే పోయింది. సాయంత్రం శంకరమ్మ తడిక తీయగానే మంద బావి దిక్కుకు ఉరికింది. గీత గిట్టల కింద పడి మట్టిలో కలిసింది.