షేక్‌హ్యాండ్ కుదరని కంప్యూటర్

ఆ పొద్దున మారేడ్‌పల్లిలోని మా నెట్ సెంటర్‌లో ముసలి కంప్యూటర్ ఒక్కటే ఖాళీ. దాంట్లో రైలు టికెట్ల సైటు తెరుచుకోనంటోంది. శ్రీకాకుళం టికెట్ కోసం వచ్చిన పెద్దావిడ పక్కనే కూర్చుంది.

రిపేరతను వచ్చి చూశాడు. "అక్కా, సైటు టీఎల్‌ఎస్ అనే భద్రత తాళంల కొత్త వెర్షనే ఒప్పుకుంటది. ఈ పాత సిస్టమ్‌ల ఉన్న బ్రౌజర్‌కు పాతదే వస్తది. రెండిటికీ షేక్‌హ్యాండ్ కుదుర్తలేదు."

"అయితే దండం పెట్టమనండి బాబూ," అంది పెద్దావిడ, చాలా సీరియస్‌గా.

నవ్వలేక చచ్చాం. అతను నవ్వుతూనే, కొత్త వెర్షన్‌ను తనలోనే మోసుకొచ్చే వేరే బ్రౌజర్‌ని పెన్‌డ్రైవ్‌లోంచి ఎక్కించాడు. తాళం బొమ్మతో సహా సైటు తెరుచుకుంది. పొద్దుట్నించీ ఆ డబ్బాని తిట్టిపోసిన నేనే ముందు దానికి చేతులు జోడించాను.

"నాను సెప్పలేదేటి?" అంది పెద్దావిడ.