ఆ అడుగులు ఎవరివి

ఆఫీసులో అందరూ ఆమెను ఆరాలక్క అంటారు. అన్నం వడ్డిస్తే బియ్యం ఎక్కడివో, నీళ్లు ఎవరు పోశారో ఆరా తీసి గానీ ముద్ద ఎత్తదని వాళ్ల వేళాకోళం. ఆ పేరు పెట్టింది ఎడిటరే. ఆమె ఏనాడూ నొచ్చుకోలేదు. చాలా ఏళ్లు పత్రికలో ప్రూఫులు దిద్దింది. పత్రిక కాగితం మీద నుంచి ఫోన్లలోకి మారినప్పుడు ప్రూఫుల పని పోయి, నిజ నిర్ధారణ పని వచ్చింది. జనం ఒకరికొకరు పంపుకునే వీడియోల్లో, ఫోటోల్లో ఏది ఎంతవరకు నిజమో తేల్చి రాయడం ఆ పని. వెనకటికి అక్షరం తప్పు పట్టేదాన్ని, ఇప్పుడు లోకం తప్పు పడుతున్నానని నవ్వేది.

అమ్మ చిన్నప్పుడే పోతే ఆమెను పెంచింది పిన్ని, బాబాయి. బాబాయి బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఊరికే కూర్చోలేని మనిషి. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి ఎడమ కాలు, ఎడమ చెయ్యి పడిపోయాయి. మాట మిగిలింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఫిజియోథెరపిస్టు ఇంటికొచ్చి రోజూ వ్యాయామాలు చేయించేవాడు. కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం, మళ్లీ లేవడం. ఎంత చేసినా కాలు మొండికేసినట్టే ఉండేది. 'స్టీరింగ్ ఒక దారి, చక్రాలు ఒక దారి' అని బాబాయి విసుక్కునేవాడు.

అలాంటి రోజుల్లో పిన్ని ఇంటి గ్రూపులో ఒక వీడియో పెట్టింది. అర నిమిషం కూడా లేదు. ముందు ఒక కొండ కింద నీటి ఊట, సీసాలు పట్టుకున్న జనం. వెంటనే చక్రాల కుర్చీలో ఒకావిడ. ఆవిడ వణుకుతూ లేచి, ఎడమ కాలు ఈడుస్తూ నాలుగడుగులు వేస్తుంది. చుట్టూ చప్పట్లు. వెనక సంగీతం, ఒక గొంతు: ఈ ఊట నీళ్లు తాగిన మర్నాడే లేచి నడిచింది, మందులేవీ వాడలేదు, మీ వాళ్లకు పంపండి. కింద పిన్ని రాసింది: 'ఈవిడదీ మీ బాబాయిలాగే ఎడమ కాలే.'

ఆరాలక్క ఆ మాట దగ్గరే ఆగిపోయింది. ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్తే సంగతి తెలిసింది. గ్రూపులో పెట్టకముందే పిన్నికి ఆ వీడియో ఎవరో పంపారు, ఎవరి చేతనో ఊట నీళ్లు తెప్పించారు. వారం నుంచి ఫిజియోథెరపిస్టును రావద్దన్నారు. మాత్రలు మాత్రం డాక్టరు భయానికి ఇంకా మింగుతున్నాడు. బాబాయి మొహంలో ఎన్నాళ్లకో వెలుగు కనిపించింది. మునిగేవాడికి గడ్డిపోచ దొరికితే, అది గడ్డిపోచ అని చెప్పడానికి ముందు ఒడ్డు చూపించాలి కదా. ఏమీ అనకుండా వాళ్లతో టీ తాగి వచ్చేసింది.

మర్నాడు ఆఫీసులో ఆ వీడియో ముందు పెట్టుకుని కూర్చుంది. అప్పటికే పాఠకులు కూడా ఇది నిజమా అని అడుగుతూ పంపుతున్నారు. ముందు వీడియోను ఆపి ఆపి, ఒక్కో దృశ్యాన్ని ఫోటోగా తీసి, అలాంటి ఫోటో ఇంకెక్కడైనా ఉందా అని ఇంటర్నెట్‌లో వెతికింది. దొరికినవన్నీ ఇదే వీడియోకు నకళ్లు. ఎక్కడ చూసినా అదే సంగీతం, అదే గొంతు. తర్వాత శబ్దం తీసేసి మళ్లీ చూసింది. పాట లేకపోతే కళ్లు బాగా పనిచేస్తాయని ఆమె నమ్మకం. ఊట దగ్గర మిట్టమధ్యాహ్నపు ఎండ. ఆవిడ లేచినచోట నున్నటి గచ్చు, ట్యూబులైటు వెలుతురు. రెండూ ఒకచోటివి కావు. ఆవిడ వెనక గోడ మీద గడియారం ఒక పక్కే కనిపిస్తోంది. అందులో మూడు అంకె ఎడమవైపు ఉంది, అద్దంలో చూసినట్టు తిరగబడి.

ఎవరో వీడియోను కుడి ఎడమలు మార్చి తిప్పేశారు. నకలును యంత్రాలు పట్టుకోకుండా అలా తిప్పడం మామూలే. ఆమె ఆ ఫోటోను మళ్లీ తిన్నగా తిప్పి వెతికింది. ఈసారి దూరాన ఉన్న ఒక పునరావాస కేంద్రం పేజీ వచ్చింది. పక్షవాతం వచ్చినవాళ్లకు నడక నేర్పే చోటు అది. అసలు వీడియో అక్కడుంది, రెండేళ్ల కిందటిది. అందులో హాలంతా కనిపిస్తుంది. పట్టుకుని నడిచే కమ్మీలు, అద్దాలు, పక్కనే చేతులు చాచి నిలబడ్డ ఫిజియోథెరపిస్టు. ఊట వీడియోలో అవన్నీ కత్తిరించేశారు. ఆవిడ ఈడ్చిన కాలు కుడిది.

అక్కడితో రాసేయొచ్చు. ఆరాలక్క రాయలేదు. ఆ కేంద్రానికి ఫోన్ చేసింది. వీడియో తమదేనని అక్కడి ఫిజియోథెరపిస్టు చెప్పింది, కానీ పేషెంటు వివరాలు ఆవిడ ఒప్పుకోకుండా ఇవ్వలేనంది. అదే పద్ధతి అని ఆరాలక్క తన నంబరు ఇచ్చి ఊరుకుంది. ఊట దగ్గర బాగోగులు చూసే పెద్దాయన నంబరు కనుక్కుని ఆయనకూ ఫోన్ చేసింది. ఆయన గొంతులో బాధ. కుర్చీలో వచ్చి నడిచి వెళ్లినవాళ్లెవరినీ తాను చూడలేదని, ఆ వీడియో తమది కాదని, తన తాతల నాటి నుంచి జనం ఆ నీళ్లు తాగి మనసు కుదుటపడి వెళ్తున్నారని, ఇప్పుడు మంచాల మీద మనుషుల్ని మోసుకొస్తుంటే ఏం చెప్పాలో తెలియడం లేదని అన్నాడు. వీడియో పెట్టిన ఖాతాకు రాస్తే జవాబు లేదు. ఆ ఖాతాలో ఇలాంటివే ఇంకా బోలెడున్నాయి.

రెండు రోజులకు వీడియోలో ఉన్న ఆవిడే ఫోన్ చేసింది. కుట్టుపని నేర్పే టీచరు. తన వీడియో ఊట కథతో తిరుగుతోందని ఆవిడకు అప్పటిదాకా తెలియదు.

"నేనూ రోజూ దణ్ణం పెట్టుకునేదాన్నేనండీ," అంది విన్నాక. "దేవుడి మీద నాకేం కోపం లేదు. కానీ ఆ నాలుగడుగుల కోసం ఏడు నెలలు ఏడ్చాను. పొద్దున్నే లేవడం, పడడం, మళ్లీ లేవడం. అదంతా ఒక్క సీసా నీళ్లలో పోసేశారా?"

ఆ మాటలు అలాగే రాసుకోవచ్చా అని ఆరాలక్క అడిగింది. రాసుకోండి, పేరు మాత్రం వద్దు, ఫోటో వేసుకోండి, ఆ కాళ్లు నావే అంది టీచరు.

ఆరాలక్క ఒక నరాల డాక్టరుతోనూ మాట్లాడింది. దెబ్బ తిన్న మెదడు మళ్లీ మళ్లీ చేసిన పని వల్లే దారులు కొత్తగా నేర్చుకుంటుందని, ఎవరికి ఎంత వస్తుందో ముందే చెప్పలేమని, మధ్యలో మానేస్తే కీళ్లు బిగుసుకుపోయి నేర్చింది కూడా జారిపోవచ్చని ఆయన వివరించాడు.

కథనం సిద్ధమయ్యాక ఎడిటర్ దగ్గర చిన్న పేచీ వచ్చింది. 'నమ్మి నట్టేట మునుగుతున్న జనం' అని ఆయన శీర్షిక పెట్టాడు. అలా పెడితేనే జనం నొక్కి చూస్తారని ఆయన వాదన. ఆరాలక్క కదల్లేదు.

"దీన్ని చదవాల్సింది నవ్వేవాళ్లు కాదు సార్, నమ్మినవాళ్లు. గుమ్మంలోనే తిడితే ఇంట్లోకి ఎవరొస్తారు?"

ఎడిటర్ కాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు. పాతికేళ్లుగా కలిసి పనిచేస్తున్నారు. ఆమె ఎప్పుడు పట్టు వదలదో ఆయనకు తెలుసు. సరే నువ్వే పెట్టమన్నాడు. 'ఈ అడుగుల వెనక ఏడు నెలల సాధన ఉంది' అని పెట్టింది. ఊటకూ ఆ వీడియోకూ సంబంధం లేదని మొదటి వాక్యంలోనే తేల్చి చెప్పింది. తిప్పిన వీడియో, అసలు వీడియో పక్కపక్కన పెట్టి గడియారాన్ని, కాలిని చూపించింది. ఎలా తెలుసుకుందో, ఎవరెవరిని అడిగిందో, ఏది తెలియలేదో కూడా రాసింది. ఊట దగ్గర ప్రశాంతత దొరుకుతుందన్నవాళ్లతో తనకు తగవు లేదని, వ్యాయామం, మందులు మాత్రం మానొద్దని ముగించింది.

ఆ లింకు ఇంటి గ్రూపులో పెట్టలేదు. పదిమందిలో పిన్నిని తప్పు పట్టడం ఆమెకు చేతకాదు. సెలవు రోజున వెళ్లి పక్కన కూర్చుని రెండు వీడియోలూ చూపించింది. పిన్ని చూసింది. కొంగుతో ఫోన్ అద్దం తుడిచి మళ్లీ చూసింది.

"అయితే నేనొట్టి పిచ్చిదాన్ననేగా నువ్వనేది?"

"ఆయన లేచి నడవాలని నీకన్నా ఎక్కువ కోరుకున్నవాళ్లెవరు పిన్నీ? నీ ఆశతో ఆడుకున్నవాళ్లది తప్పు. నమ్మిన నీది కాదు."

పిన్ని తల తిప్పుకుంది. కానీ దెబ్బ ఎక్కువగా తగిలింది బాబాయికి. అసలు వీడియో చూసి, 'అయితే అది నా కాలు కాదన్నమాట' అన్నాడు. అప్పుడు ఆరాలక్క, మీకు అభ్యంతరం లేకపోతే ఆవిడతోనే మాట్లాడతారా అని అడిగింది. మాట్లాడతానని టీచరు ముందే ఒప్పుకుంది. ఫోన్ కలిపి స్పీకరు పెట్టారు. బాబాయి తన గోడంతా వెళ్లబోసుకున్నాడు. ఎంత చేసినా కదలని కాలు, విసుగు, సిగ్గు. టీచరు ఓపికగా విని, తనకు మూడో నెలలో ఒకసారి అన్నీ మానేసి దుప్పటి ముసుగేసుకుని పడుకున్న సంగతి చెప్పింది.

"కుడైతేనేం, ఎడమైతేనేం అన్నయ్యగారూ. లేచి నిలబడే పని ఒక్కటే. నా అంత వస్తుందో, అంతకన్నా ఎక్కువే వస్తుందో నేను చెప్పలేను. మానేస్తే మాత్రం రాదు."

మర్నాడు ఫిజియోథెరపిస్టును మళ్లీ రమ్మన్నారు. పిన్ని ఊట నీళ్ల సీసా పారబోయలేదు, పారబొయ్యమని ఎవరూ అనలేదు. వ్యాయామం అయ్యాక అందులోంచే బాబాయికి గ్లాసు నిండా పోసిచ్చేది.

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. వీడియోను చూసినవాళ్లలో పదోవంతు కూడా ఆ కథనం చదివి ఉండరు. ఆ లెక్క ఆరాలక్కకు కొత్త కాదు. కానీ ఊట పెద్దాయన దాన్ని అచ్చు తీయించి, నీళ్లు పట్టుకునే చోట అద్దం వెనక పెట్టించాడు. మంచాలు మోసుకొచ్చేవాళ్లు అది చదివి, నీళ్లు పట్టుకుని, మనిషిని మళ్లీ ఆసుపత్రికి తీసుకెళ్తున్నారని ఫోన్ చేసి చెప్పాడు. ఆయన గొంతు తేలికపడింది.

చలికాలం వచ్చేసరికి బాబాయి నాలుగు కాళ్ల కర్ర పట్టుకుని మంచం నుంచి వరండా దాకా రాగలిగాడు. అంతకు మించి ఇంకా రాలేదు. ఒక ఆదివారం ఆరాలక్క వెళ్లేసరికి వరండాలో కుర్చీలో కూర్చుని, వీధిలో వెనక్కి తీస్తున్న వ్యానుకు అడక్కుండానే కుడికి కొయ్యి, ఎడమకి కొయ్యి అని దారి చెబుతున్నాడు. లోపల పిన్ని ఫోనులో ఎవరితోనో మాట్లాడుతోంది. అవతల ఎవరో చూపు తెప్పించే ఆకు పసరు వీడియో గురించి చెబుతున్నట్టుంది.

"నువ్వు నమ్మడంలో తప్పేం లేదు వదినా," అంటోంది పిన్ని. "కంటికి సంబంధించింది కదా, పొయ్యకముందు ఒక్కసారి అడుగుదాం. మా అమ్మాయి ఉంది, పత్రికలో పెద్ద ఉద్యోగం. ఎవ్వర్నీ చిన్నబుచ్చదు. పంపు, నేను చెబుతాను."

ఆరాలక్క గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆమె పనిని మెచ్చుకుంటూ ఆఫీసులో ఎప్పుడో ఒక ప్రశంసాపత్రం ఇచ్చారు; అది ఏ సొరుగులో ఉందో ఆమెకు గుర్తు లేదు. ఈ మాట మాత్రం ఇంటికి వెళ్లే దారంతా ఆమె వెంటే నడిచింది.