'వద్దు' అనలేని అరబ్బీ

మస్కట్‌లో ఒకే ఇంట్లో పన్నెండేళ్లు పనిచేశాను. నాకొచ్చిన అరబ్బీ అంతా ఆ వంటింట్లో అబ్బిందే. "అలాగే", "ఇప్పుడే తెస్తాను", "మీకు వీలైతే" అన్న మాటలు నిద్రలో లేపినా చెబుతాను. 'మమ్నూ' అనేది, అంటే కూడదు, నిషేధం అనేది, రోజుకి ఇరవైసార్లు విన్నాను. నా నోటితో మాత్రం ఒక్కరినీ అనలేదు. ఎవర్ని అంటాను, గోడనా?

తిరిగొచ్చాక యూసుఫ్‌గూడలో గది తీసుకున్నాను. వైద్యానికి వచ్చే అరబ్బుల్ని ఆసుపత్రులకు తిప్పే ఏజెంటు ఒకాయన, నాకు భాష వచ్చని తెలిసి, దుబాసీ పని ఇచ్చాడు. ఆయన పెట్టిన షరతు ఒకటే. "అమ్మా, పేషెంటు తాలూకు వాళ్ల మొహం వాడిపోకూడదు. ఏదైనా మెత్తగా చెప్పాలి." ఇదేం కొత్త? మెత్తగా చెప్పడం తప్ప నాకింకేం వచ్చు గనక!

ఆ నెల నాకు అప్పగించినాయన ఒమన్ మనిషి, నలభై దాటుంటాయి. తల్లిని పంజాగుట్టలో గుండె డాక్టరుకి చూపిస్తూ, మా వీధిలోనే అద్దెకి దిగాడు. నేనాయన్ని బాబా అనేదాన్ని, మస్కట్‌లో ఇంటి యజమానిని అన్నట్టే. ఆయన నన్ను అక్కా అనేవాడు. ఇంగ్లీషు ముక్క రాదు. ఆసుపత్రిలో చేర్చిన తల్లి దగ్గరికి వేళకాని వేళ ఒక్కడూ పోవాలి, దారిలో బోర్డులన్నీ తెలుగు, హిందీ, ఇంగ్లీషు. అందుకని నేనొక ఏర్పాటు చేశాను. దారిలో ప్రతి బోర్డునీ ఫోన్‌లో ఫొటో తీసి, దాని కింద అరబ్బీలో వాయిస్ పెట్టి పంపేదాన్ని. అరబ్బీ మాట్లాడ్డమే గానీ రాయడం నాకు రాదు. ఆయన బోర్డు ముందు నిలబడి, ఫోన్ చెవికి ఆనించుకుని వినేవాడు. ఎంత మురిసిపోయానో, నా గొంతు పట్టుకుని ఒక మనిషి ఊరు తిరుగుతున్నాడని.

మొదట్లోనే ఒకటి జరిగింది. పంజాగుట్ట ఫ్లైఓవర్ మొదట్లో 'పాదచారులకు ప్రవేశం లేదు' అని ఉన్న బోర్డుకి నేను పెట్టిన వాయిస్ ఇది: "బాబా, పైన నడిస్తే మీకు ఇబ్బంది, కింద దారి హాయిగా ఉంటుంది." ఆయన ఆ మర్నాడు పైనుంచే నడిచొచ్చాడు. పక్కనుంచి బస్సులు రాసుకుంటూ పోయాయట. కింద ట్రాఫిక్‌గా ఉంది, నాకేం ఇబ్బంది లేదులే అక్కా, అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

ఒకనాడు పొద్దున పదిగంటలకి ఇద్దరం కలిసే ఆసుపత్రికి బయల్దేరాం. అమీర్‌పేటలో మెట్రో రైలు మారాలి. ఆ వేళప్పుడు అక్కడ జనం సంగతి చెప్పేదేముంది, కోచింగు పిల్లలు, ఆఫీసులవాళ్లు, వీపులకి బ్యాగులు. ఆయన పొడుగు మనిషి, ముందు వెళ్లిపోయాడు. నేను ప్లాట్‌ఫారం మీదికి చేరేసరికి ఇద్దరి మధ్యా పది వరసల మనుషులు. ముందుకి కదల్లేను, వెనక్కి పోలేను. ఎవరి మోచెయ్యో నా పక్కటెముకలో దిగింది. ఆయన తలమీది టోపీ మాత్రం కనిపిస్తోంది, పసుపు గీత దగ్గర.

ఎవరి బ్యాగు తగిలిందో, ఆయన చంకలోని పెద్ద కవరు జారి పట్టాల మధ్య పడింది. తల్లి రిపోర్టులన్నీ అందులోనే ఉన్నాయి. ఆయన ఎప్పటిలాగే గోడమీది బోర్డు కేసి చూశాడు, ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. అమ్మయ్య, వింటున్నాడు అనుకున్నాను. ఫోన్ జేబులో పెట్టాడు, అటూ ఇటూ చూశాడు, గీత దాటి అంచున కూర్చుని కిందకి దిగిపోయాడు.

రైలు వచ్చేది ఒక్క నిమిషంలో అని పైన బోర్డు చూపిస్తోంది. నా నోరు తెరుచుకుంది. అరబ్బీ రాలేదు. పన్నెండేళ్ల భాష ఒక్క ముక్క రాలేదండీ! గొంతు పగిలేలా తెలుగులోనే అరిచాను. "ఒరేయ్! పైకి రారా! చస్తావురా!" నన్ను కదలనివ్వని జనం అప్పుడు కూడా కదల్లేదు, నాకేసి చూశారు. సెక్యూరిటీ కుర్రది ఒకతె పరుగెత్తి గోడకున్న ఎర్ర మీట నొక్కింది. వచ్చే రైలుని ఆపే మీట అది. ఇద్దరు కుర్రాళ్లు ఆయన చేతులు పట్టుకుని పైకి లాగారు. కవరు ఆయన పళ్ల మధ్య ఉంది. రైలు స్టేషన్ బయటే నిలిచిపోయింది.

మమ్మల్నిద్దర్నీ స్టేషన్‌లోని గదికి తీసుకుపోయారు. కిటికీ లేదు, రెండు కుర్చీలు, తలుపు దగ్గర ఆడ గార్డు. అధికారి తెలంగాణాయన, మర్యాదగానే అడిగాడు. "ఏందమ్మా గిది? బోర్డు మీద సాఫ్‌గ రాసున్నది గద. నువ్వేం చెప్పినవ్ ఆయనకు?"

ఫోన్‌లో వాయిస్ పెట్టానంటే, వినిపించమన్నాడు. బాబా ఫోన్ బల్లమీద పెట్టాడు. నా గొంతే. తేనె కారుతున్న గొంతు. అధికారికి దాన్ని తెలుగులో చెప్పాల్సింది కూడా నేనే. బోర్డు మీద ఉన్నది: 'పట్టాలపై వస్తువు పడితే దిగరాదు. దిగడం ప్రాణాపాయం, శిక్షార్హం. సిబ్బందికి తెలపండి.' నేను చెప్పింది: "బాబా, ఏదైనా కింద పడితే మీరు శ్రమపడక్కర్లేదు, పనివాళ్లున్నారు, వాళ్లని అడిగితే తెచ్చిస్తారు."

"ప్రాణాపాయం అన్న ముచ్చట ఏడ పోయింది?"

నేను మింగేశాను సార్, అన్నాను. ఇంకేం చెప్పను? తలుపు తీసుకుని పారిపోవాలనిపించింది. గార్డు అక్కడే ఉంది.

అధికారి మందలించి, ఇద్దరి సంతకాలూ తీసుకుని వదిలిపెడతానన్నాడు, కాగితం రాస్తున్నాడు. నా మొహం చూసి, ఆ బోర్డు దిగొద్దనే అన్నదని బాబాకి అర్థమైంది. కోప్పడలేదు. నిదానంగా అన్నాడు. "పనివాళ్లు కనబడలేదక్కా. నాకు శ్రమ లేదు, నేనే తెచ్చుకుంటా అనుకున్నా. మమ్నూ అని ఒక్క మాట అనుంటే కాలు పెట్టేవాణ్ణి కాదు. మా ఊళ్లో చిన్నపిల్లలు కూడా ఆ మాటకి ఆగుతారు."

"తప్పయింది బాబా."

ఆయన ఒడిలో ఉన్న కవరు మీది మట్టి దులుపుతున్నాడు. ఉన్నట్టుండి ఆ చెయ్యి ఆగింది. నా మొహంలోకి చూశాడు.

"డాక్టరు అమ్మ గురించి చెప్పినప్పుడు కూడా ఇలాగే చెప్పావా?"

పోయిన వారం డాక్టరుగారు మాట్లాడినప్పుడు ఏం దాచలేదు. ఆపరేషనుకి ఆమె గుండె తట్టుకోదు, వైద్యంతో ఇంక లాభం లేదు, ఉంటే కొన్ని వారాలు, ఇప్పుడైతే విమానం ఎక్కగలదు, ఆలస్యమైతే అదీ కుదరదు అన్నారు. నేను చెప్పింది: "ఆపరేషను తొందరేం లేదట బాబా. అమ్మగారిని కాస్త బలం పుంజుకోనివ్వమన్నారు."

ఆ గదిలో, అధికారి కలం చప్పుడు వింటూ, ఉన్నదున్నట్టు చెప్పాను. తట్టుకోదు. లాభం లేదు. వారాలు. ఒక్క మాట మింగలేదు. ఈసారి అరబ్బీ బాగానే వచ్చింది.

ఆయన వేళ్లు మడుస్తూ ఏదో లెక్కపెట్టుకున్నాడు.

"డాక్టరు చెప్పి ఎనిమిది రోజులు," అన్నాడు. "అమ్మ రోజూ అడుగుతోంది, ఇంటికి తీసుకుపో నాయనా అని. ఇంకాస్త బలం రానీ, అని నేనే ఆపుతున్నాను."