మొదటి రాయికి నడక లేదు

నాకు చదువు లేదు. సంతకం చెయ్యగలను, బస్సు బోర్డు మీద ఊరి పేరు ఆకారాన్ని బట్టి గుర్తుపట్టగలను, అంతే. ఇది నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. ఇందులోని అంకెలన్నీ తను సరిచూసినవే.

మా ఆయన రోడ్ల శాఖలో గ్యాంగు పని చేసేవాడు. గుంతలు పూడ్చడం, అంచుల్లో గడ్డి కొయ్యడం, మలుపుల్లో రాళ్ళకు సున్నం వెయ్యడం. తిరుత్తణి నుంచి పళ్ళిపట్టు పోయే దారిలో, ఒక చిన్న మోరీ దగ్గర మలుపు ఉంది. అక్కడ రాయికి సున్నం వేస్తూ వంగి ఉండగా వెనకనుంచి లారీ తగిలింది. ఆయన చెయ్యి మీది సున్నం ఆసుపత్రిలో కూడా అలాగే ఉంది. నేనే తుడిచాను.

ఆయన పోయి, పెద్ద దినం అయ్యాక తిరువళ్ళూరులో ఆఫీసుకు పోయాము. అక్కడి గుమాస్తా మంచివాడే. కుర్చీ చూపించి, నిదానంగా చెప్పినాడు.

"ఇంట్లో ఒకరికి పని ఇస్తారమ్మా. మూడేండ్ల లోపల అర్జీ పెట్టుకోవాల. పాప పదో క్లాసు పాసై ఉంటే ఆఫీసులో కూర్చునే పని. పాస్ కాకుంటే రోడ్డు పనే."

"లెక్కల్లో పోయింది సార్," అంది మా అమ్మాయి తల వంచుకొని.

"ఎన్ని మార్కుల్లో?"

"నాలుగు."

ఆయన పెన్ను మూత పెట్టి, "మూడేండ్లు ఉండాది గదమ్మా, మళ్ళీ రాయి," అన్నాడు.

ఆ రోజే నేను అనుకున్నాను. రోడ్డు పని అయితే ఆ పని నేనే చేస్తాను గానీ పాపను పంపను. కానీ నా కుడి మోకాలు వంగదు. గ్యాంగులో వంగని మోకాలికి చోటు లేదు. కనుక ఉన్న దారి ఒక్కటే, లెక్కల పరీక్ష.

మా అమ్మాయి మళ్ళీ రాసింది. రెండు మార్కుల్లో పోయింది. ఆ వార్త విన్న రోజు తను ఏడవలేదు. అన్నం తిని, గిన్నెలు కడిగి, నాన్న సైకిలు తీసి చక్రాలకు గాలి కొట్టి మళ్ళీ గోడకు ఆనించింది. ఎక్కడికీ పోలేదు. అది చూసి నాకు భయం వేసింది.

అప్పటికి రెండేళ్ళు దాటాయి. అర్జీ గడువులోపల ఇంకొక్క పరీక్షే మిగిలింది.

తిరుత్తణి బస్టాండు వెనక వీధిలో ఒక రిటైరైన లెక్కల వాత్యారు ఉన్నాడు. మనవాళ్ళే, ఇంట్లో తెలుగే. పొద్దున్నే వసారాలో పిల్లలకు చెబుతాడు. మా అమ్మాయిని అక్కడ చేర్చాను. తను లోపల చాప మీద కూర్చుంటే నేను మెట్టు మీద కూర్చునేదాన్ని. మోకాలి మూలాన ఇంటికి పోయి మళ్ళీ రావడం కష్టం.

వాత్యారు మొదటి వారమే జబ్బు కనిపెట్టాడు. మిగతా లెక్కలన్నీ వస్తాయి. ఒకే తేడాతో పెరుగుతూ పోయే వరస లెక్క వస్తే మాత్రం తప్పుతుంది. ఆ పేపర్లో అలాంటివి రెండు మూడు ఖాయం. ఒకరోజు ఆయన నోటుబుక్కు ఎత్తి చూపిస్తూ అడిగాడు.

"మూడుతో మొదలు, నాలుగు నాలుగు పెరుగుతాది. పదో సంఖ్య ఎంతన్నాను?"

"నలభై మూడు సార్."

"అది పదకొండోది. పదోది ముప్పై తొమ్మిది. సరి, మొదటి పదింటి మొత్తం?"

"నూట డెబ్భై ఒకటి."

"అది తొమ్మిదింటి మొత్తం. పదింటిది రెండువందల పది. ఏమ్మా, ఒకటంటే నీకేమన్నా పగనా? ఒక తట్టు ఎక్కువ తింటావు, ఇంకో తట్టు పస్తులుంటావు."

చాప మీది చిన్నపిల్లలు నవ్వారు. మా అమ్మాయి నవ్వలేదు.

"సార్, ఒకటి తీసెయ్యాలని గుర్తుండాది. యాడ తీసెయ్యాలో గుర్తుండదు."

ఆ మాట ఆయనకు నచ్చింది. పిల్లల్ని గదమాయించి, పక్కకు జరిగి కూర్చుని మళ్ళీ చెప్పాడు. పదో సంఖ్య కావాలంటే మొదటిదానికి పెరుగుదలను తొమ్మిదిసార్లు కలపాలి, పదిసార్లు కాదు. పదింటి మొత్తం కావాలంటే మొదటిదీ ఆఖరిదీ కూడి, పదితో గుణించి, సగం చెయ్యాలి. అక్కడ పది పదిగానే ఉండాలి. మా అమ్మాయి రెండు సూత్రాలనూ కలగలిపేసేది. మొత్తం దగ్గరే ముందుగా పదిని తొమ్మిది చేసేసి, దాన్నే పట్టుకొని లెక్క అంతా నడిపేది. పదో సంఖ్య దగ్గరికి వచ్చేసరికి ఒకటి తీసేశాను కదా అని ఊరుకునేది. విన్నంతసేపూ తల ఊపింది. మర్నాడు మళ్ళీ అదే తప్పు. ఆ మర్నాడూ అదే.

పదిహేను రోజులు అలా గడిచాయి. పరీక్ష ఇంకా నెలన్నర. ఆ రోజు వాత్యారు పుస్తకంలోంచి ఒక లెక్క చదివాడు. దారి పక్కన రాళ్ళు పాతాలట. కుప్ప ఒక చోట ఉందట. ఒక మనిషి ఒక్కొక్క రాయే మోసుకుపోయి పెట్టి, మళ్ళీ కుప్ప దగ్గరికి రావాలట. ఎంత నడుస్తాడు?

నా నోరు ఆగలేదు.

"ఆ పని నేను చేసినాను సారూ."

ఆయన తిరిగి చూశాడు. "ఏమ్మా, యాడ?"

"మోరీ మలుపు దగ్గర. పెండ్లయిన కొత్తల్లో. ఆయన టేపు పట్టి గుర్తు పెట్టేది, నేను మోసేది. పది మీటర్లకు ఒక రాయి. పదిహేను రాళ్ళు."

"కుప్ప యాడ పోసినారు?"

"మొదటి రాయి పాతే చోటే."

ఆయన పుస్తకం మూసేశాడు. "పాపా, పుస్తకం లెక్క వద్దులే. మీ అమ్మ లెక్క చెయ్యి. ఆఖరి రాయికి పోయి రావడానికి ఎంత నడిచింది? మొత్తం ఎంత నడిచింది?"

మా అమ్మాయి చాలాసేపు రాసింది. ఆఖరి రాయికి మూడువందల మీటర్లు అంది. మొత్తం పద్దెనిమిదివందల ఇరవై అంది.

వాత్యారు కాగితం చూశాడు. నావైపు చెయ్యి చూపించాడు, నువ్వే చెప్పు అన్నట్టు.

నాకు కూడికలు రావు. కానీ ఆ దారి నా కాళ్ళకు తెలుసు. "మూడొందలంటే పోను నూటాయాభై, రాను నూటాయాభై. అంత దూరం పోతే ఆఖరి రాయి దాటి పోయి ముళ్ళకంపలో నిలబడతావు పాపా. ఆడ రాయి లేదు. మొదటి రాయికి నేను నడవనే లేదు గదా. కుప్పలోంచి ఎత్తి ఆడే పాతినాము. నడక మొదలయింది రెండో రాయితో."

"అట్లయితే నడిచింది పద్నాలుగు సార్లే గదమా. నేను మొత్తానికి పద్నాలుగే గదా తీసుకున్నా?"

"పద్నాలుగు తీసుకున్నావు సరే, అందులో మొదటిది ఏది?" అన్నాడు వాత్యారు.

మా అమ్మాయి కాగితం చూసుకుంది. "సున్నా."

"అంటే నడవని రాయిని కూడా లెక్కలో పెట్టుకున్నావు. సున్నా నుంచి మొదలుపెట్టి పద్నాలుగు రాళ్ళ దగ్గరే ఆపేసినావు. పదిహేనో రాయి ఏమయింది?"

నేను అన్నాను, "కుప్ప దగ్గరే వదిలేసినావు. మీ నాయన ఒప్పుకోడు."

ఎవరూ నవ్వలేదు. చిన్నపిల్లలు కూడా. తర్వాత వాత్యారు తేల్చి చెప్పాడు. ఆఖరి రాయికి రెండువందల ఎనభై. మొత్తం రెండువేల నూరు. అమ్మాయి చెప్పిన దానికీ దీనికీ తేడా సరిగ్గా ఆ ఆఖరి రాయి నడకే.

ఇంటికి పోయే బస్సులో తను కిటికీ పక్క కూర్చుంది. ఆ మలుపు వస్తుందంటే ఎప్పుడూ కళ్ళు మూసుకునేది. రెండేళ్ళుగా అంతే. ఆ రోజు మూసుకోలేదు.

"మా, దిగుదామా?"

"ఎందుకు పాపా?"

"చూడాల."

కండక్టరును బతిమాలి దిగాము. ఎండ గట్టిగా ఉంది. రాళ్ళు అలాగే ఉన్నాయి. సున్నం చాలావరకు పోయింది, ఏడో రాయికి మాత్రం సగం తెల్లగా, సగం నల్లగా ఉంది. అది ఎందుకు సగమో ఇద్దరికీ తెలుసు. నేను మొదటి రాయి దగ్గరే కూర్చున్నాను.

తను నా పక్కన నిలబడి, రాయి మీద చెయ్యి పెట్టి, "ఒకటి. నడక లేదు," అంది. రెండో రాయి దాకా పోయి వెనక్కు వచ్చింది. "రెండు. ఒక నడక." మూడోదాకా పోయి వచ్చింది. అలా ప్రతి రాయికీ పోయి రావడం మొదలుపెట్టింది. నేను ఆపలేదు. లారీ వస్తే మాత్రం "ఓరకు రా" అని అరిచాను. ఏడో రాయి దగ్గర తను కాసేపు వంగి ఉంది. పదిహేనోది అయ్యి తిరిగి వచ్చేసరికి జాకెట్టు చెమటకు అంటుకుపోయింది.

"రాళ్ళు పదిహేను. నడకలు పద్నాలుగు. ఆఖరిదానికి ఎంత అంటే పద్నాలుగు కావాల. అంతా కలిపి ఎంత అంటే పదిహేను రాళ్ళనూ పట్టుకోవాల, సున్నాతో సహా."

"నీళ్ళు తాగు," అన్నాను.

పరీక్షలో రాళ్ళ లెక్క రాలేదు. హాల్లో కుర్చీల వరసల లెక్క వచ్చిందట. మొదటి వరసకు నడక లేదని అనుకొని రాశానంది. ఫలితం రావడానికి నెల రోజులు పట్టింది. ఫోనులో తనే చూసింది. యాభై రెండు. గట్టిగా అరుస్తుందనుకున్నాను. ఫోను నా చేతిలో పెట్టి, గోడకు ఆనించిన సైకిలు దగ్గరికి పోయి, సీటు మీద దుమ్ము తుడిచింది.

తిరువళ్ళూరు ఆఫీసులో గుమాస్తా మార్కుల కాగితం తిప్పి తిప్పి చూసి, "గడువుకు ఇంకా పదైదు దినాలు ఉండాది. మంచి పని చేసినావమ్మా," అని అర్జీ తీసుకున్నాడు. వరసలో పేరు పైకి రావాలి, ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేనన్నాడు. ఇంకా రాలేదు. వస్తుంది.

మూడో సంవత్సరికం నాడు ఇంట్లో పని ముగించుకొని, ఒక బకెట్టులో సున్నం కలుపుకొని, రెండు కుంచెలు పట్టుకొని ఆ మలుపు దగ్గర దిగాము. తను బకెట్టు మొదటి రాయి దగ్గర దించి, ఒక కుంచె నా చేతికి ఇచ్చింది.

"ఇది నువ్వు వెయ్యిమా. దీనికి నడిచే పని లేదు."

నేను కూర్చున్న చోటినుంచే ఆ రాయికి నాలుగు వైపులా సున్నం వేశాను. తల ఎత్తి చూసేసరికి తను ఏడోదాని దగ్గర ఉంది. సగం వదిలేసిన తట్టు నుంచి మొదలుపెట్టింది.